త్రీడీ ఫైలులో బరువు ఎక్కడ దాగుంటుంది?

బ్రౌజరులో తిప్పి చూసుకునే త్రీడీ వస్తువులు, అవి కుర్చీలైనా కార్లైనా మ్యూజియం శిల్పాలైనా, ఎక్కువగా జీఎల్‌టీఎఫ్ అనే ఫార్మాట్‌లోనే మన దాకా వస్తాయి. గ్రాఫిక్స్ ప్రమాణాలను రూపొందించే క్రోనోస్ గ్రూప్ దీన్ని 2015లో విడుదల చేసింది. ఇప్పుడు అందరూ వాడుతున్న 2.0 కూర్పు 2017లో వచ్చింది. 2022లో అది అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. ఒక దృశ్యంలో ఏ వస్తువు ఎక్కడుంది, దేనికి ఏ రంగు అన్న వివరాలు చిన్న జేసన్ పాఠంలో ఉంటాయి. ఆకారం తాలూకు అంకెలు ఒక బైనరీ ముద్దగా ఉంటాయి. పైపూతగా వేసే బొమ్మలు, అంటే టెక్స్చర్లు, మామూలు జేపెగ్ లేదా పీఎన్‌జీ ఫైళ్లుగా ఉంటాయి. ఇవన్నీ ఒకే ఫైలులో కట్టగడితే దాని పేరు చివర `.glb` కనిపిస్తుంది.

ఈ ఫైలును చిన్నది చేయడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి: అంకెలను కురచ చేసే క్వాంటైజేషన్, ఆ అంకెలను బిగించి కట్టే మెష్‌ఆప్ట్, టెక్స్చర్లను గ్రాఫిక్స్ చిప్ నేరుగా చదవగల రూపంలోకి మార్చే జీపీయూ కంప్రెషన్. మూడూ పనిచేసేది ఒకే రకం బైట్ల మీద కాదు. అందుకే ఏది వాడాలో తేల్చుకునే ముందు, చేతిలో ఉన్న ఫైలులో బైట్లు ఎక్కడ పోగుపడ్డాయో లెక్క చూసుకోవాలి. ఈ లెక్క చూడకుండా మొదలుపెట్టిన వాళ్లు ఆకారాన్ని ఎంతో శ్రమపడి పిండుతారు, చివరికి ఫైలు మాత్రం దాదాపు అలాగే మిగులుతుంది.

క్రోనోస్ తన నమూనా మోడళ్లలో భాగంగా అందరికీ అందుబాటులో ఉంచిన `DamagedHelmet.glb` ఈ లెక్కకు మంచి ఉదాహరణ. అది గీతలు పడి, దెబ్బలు తిన్న ఒక శిరస్త్రాణం. ఫైలు మొత్తం దాదాపు 37.7 లక్షల బైట్లు. అందులో 14,556 శీర్షాలు, వాటిని కలిపే 15,452 త్రిభుజాలు ఉన్నాయి. ప్రతి శీర్షానికీ మూడు విషయాలు రాసి ఉంటాయి. అది అంతరిక్షంలో ఎక్కడుందో చెప్పే మూడు అంకెలు, ఉపరితలం ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే మూడు అంకెలు, టెక్స్చర్‌లో ఏ చోటు దానికి అతుక్కుంటుందో చెప్పే రెండు అంకెలు. మొత్తం ఎనిమిది దశాంశ సంఖ్యలు, ఒక్కోటి 4 బైట్లు, కలిపి శీర్షానికి 32 బైట్లు. త్రిభుజాల విషయానికొస్తే, ఒక్కోదానికి మూడు శీర్షాల వరుస సంఖ్యలు రెండేసి బైట్లలో ఉంటాయి. అన్నీ కూడితే 5,58,504 బైట్లు. అంటే ఫైలు మొత్తంలో ఆకారం వాటా 15 శాతమే. మిగతాదంతా దాదాపుగా ఐదు జేపెగ్ టెక్స్చర్లే, ఒక్కోటి 2048 పిక్సెళ్ల వెడల్పు, 2048 పిక్సెళ్ల ఎత్తు.

స్కానర్‌తో తీసిన, రంగుపూత లేని శిల్పమైతే ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ లక్షల త్రిభుజాలే అసలు బరువు. కానీ దుకాణాల సైట్లలో కనిపించే వస్తువులు చాలావరకు ఈ శిరస్త్రాణం బాపతే.

బరువు ఒక్క డౌన్‌లోడ్‌తోనే తీరిపోదు. జేపెగ్ ఫైలును గ్రాఫిక్స్ చిప్ నేరుగా చదవలేదు. బ్రౌజరు దాన్ని పూర్తిగా విప్పి, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున జీపీయూ మెమరీలో పరచాలి. 2048 పిక్సెళ్ల చదరం అలా పరిస్తే 16 ఎంబీ. దూరం నుంచి చూసినప్పుడు వాడే చిన్న ప్రతులను, అంటే మిప్‌మ్యాప్‌లను, కలిపితే మూడో వంతు పెరిగి 21 ఎంబీ దాటుతుంది. అలాంటివి ఐదు కాబట్టి, నాలుగు ఎంబీలు కూడా లేని ఈ ఫైలు ఫోను మెమరీలో 107 ఎంబీ దాకా ఆక్రమిస్తుంది. ఇలాంటి వస్తువులు పది ఒకే పేజీలో పెడితే మామూలు ఫోనులో బ్రౌజరు ఆ పేజీనే మూసేసే ప్రమాదం ఉంది. డౌన్‌లోడ్ బరువు, మెమరీ బరువు వేర్వేరన్న సంగతి టెక్స్చర్ల దగ్గర మళ్లీ అక్కరకొస్తుంది.

మొదట ఆకారం సంగతి. 4 బైట్ల దశాంశ సంఖ్య చాలా సూక్ష్మమైనది. మీటరు పరిమాణంలో ఉన్న వస్తువులో అది మీటరులో కోటిన్నరో వంతు తేడాను కూడా గుర్తుపెట్టుకుంటుంది. తెర మీద శిరస్త్రాణాన్ని చూసే కంటికి అంత సూక్ష్మతతో పని లేదు. క్వాంటైజేషన్ అంటే వస్తువు చుట్టూ ఒక పెట్టె ఊహించుకుని, దాని పొడవును సమానమైన మెట్లుగా విభజించి, ప్రతి శీర్షాన్నీ దగ్గరి మెట్టు మీద కూర్చోబెట్టడం. ఇక రాసుకోవాల్సింది ఆ మెట్టు సంఖ్య, అంటే ఒక చిన్న పూర్ణాంకం. 14 బిట్లు వాడితే 16,384 మెట్లు దొరుకుతాయి. −1 నుంచి +1 దాకా ఉన్న పెట్టెలో ఒక శీర్షం 0.4713 దగ్గర ఉందనుకుంటే, దాని మెట్టు 12052. విప్పినప్పుడు అది 0.47128గా తిరిగొస్తుంది. తేడా లక్షలో రెండు వంతులు. 2 మీటర్ల వస్తువుకు ఒక్కో మెట్టు 0.12 మిల్లీమీటర్లు, కాబట్టి ఈ మార్పు ఎవరి కంటికీ ఆనదు.

మామూలు జీఎల్‌టీఎఫ్ స్థానాలను ఇలా పూర్ణాంకాల్లో రాయనివ్వదు. దానికి అనుమతి ఇచ్చే పొడిగింపు పేరు `KHR_mesh_quantization`. మెట్టు సంఖ్యను తిరిగి అసలు కొలతకు తెచ్చే పనికి ప్రత్యేకమైన యంత్రాంగం ఏదీ అక్కర్లేదు. వస్తువుకు ఎలాగూ ఉండే స్కేలు, స్థానం విలువల్లోనే ఆ గుణకాన్ని కలిపేస్తారు. అందువల్ల విప్పడానికి విడిగా సమయమే పట్టదు, పైగా కురచ చేసిన అంకెలు జీపీయూ మెమరీలోనూ కురచగానే ఉంటాయి. స్థానానికి రెండేసి బైట్ల చొప్పున ఆరు, దిక్కుకు ఒక్కో బైటు చొప్పున మూడు, టెక్స్చర్ చోటుకు నాలుగు బైట్లు సరిపోతాయి. కాకపోతే ప్రతిదీ నాలుగు బైట్ల హద్దు దగ్గర మొదలవ్వాలన్న నియమం వల్ల ఆరు ఎనిమిదవుతుంది, మూడు నాలుగవుతుంది. ఆ ఖాళీ బైట్లు కలుపుకున్నా శీర్షానికి 16 బైట్లే. శిరస్త్రాణంలో శీర్షాల బరువు 4,65,792 నుంచి సరిగ్గా సగానికి, 2,32,896 బైట్లకు దిగుతుంది.

చిక్కు వచ్చేది పెట్టె పెద్దదైనప్పుడు. వంద మీటర్ల భవనాన్ని అవే 14 బిట్లలో కొలిస్తే ఒక్కో మెట్టు 6 మిల్లీమీటర్లు. కిలోమీటరు పొడవున్న ఊరి నమూనాకైతే 6 సెంటీమీటర్లు. అప్పుడు గోడకు అంటించిన పలకలు గోడలోకి కుంగుతాయి, దగ్గరదగ్గరగా ఉన్న రెండు తలాలు ఒకదాన్లోంచి ఒకటి మినుకుమినుకుమంటాయి. ఒకదానికొకటి ఆనుకున్న రెండు భాగాలకు వేర్వేరు పెట్టెలు గీస్తే, మెట్లు కలవక అతుకు దగ్గర సన్నటి చీలిక కనిపిస్తుంది. మొత్తం దృశ్యానికి ఒకే పెట్టె గీయడమో, బిట్లు 16కు పెంచడమో దీనికి విరుగుడు. దిక్కులకు 8 బిట్లు మామూలు వస్తువులకు చాలు. నున్నటి కారు బానెట్ లాంటి మెరిసే తలం మీద మాత్రం ప్రతిబింబం మెట్లుమెట్లుగా విరిగినట్టు కనిపిస్తుంది. అలాంటి చోట ఒకటి రెండు బిట్లు పెంచడం మేలు. టెక్స్చర్ చోటుకు 12 బిట్లు ఇస్తే 4,096 మెట్లు. ఇటుకల బొమ్మను గోడంతా ఇరవై సార్లు పరిచినప్పుడు ఆ మెట్లన్నీ ఇరవై ఇటుకల బొమ్మలకు పంచుకోవాల్సి వస్తుంది, ఇటుకలు పక్కకు జరిగినట్టవుతాయి.

క్వాంటైజేషన్ తర్వాతే మెష్‌ఆప్ట్ తన బలం చూపిస్తుంది. మెష్‌ఆప్టిమైజర్ అనే లైబ్రరీని రాసిన ఆర్సేని కపుల్కిన్ తయారుచేసిన ఈ పద్ధతి `EXT_meshopt_compression` పేరుతో జీఎల్‌టీఎఫ్ పొడిగింపుగా ఉంది. దీని కిటుకు వరుసలో ఉంది. ముందుగా త్రిభుజాలను, ఆ తర్వాత శీర్షాలను, పక్కపక్కన ఉన్నవి ఫైలులోనూ పక్కపక్కనే వచ్చేలా సర్దుతారు. అలా సర్దాక ఇరుగుపొరుగు శీర్షాల అంకెలు చాలా దగ్గరగా ఉంటాయి. ఉదాహరణకు మూడు శీర్షాల మెట్టు సంఖ్యలు 12052, 12049, 12055 అనుకుందాం. ఒక్కోటి రెండు బైట్లు. పై బైటు మూడింటిలోనూ 47. కింది బైట్లు 20, 17, 23. మెష్‌ఆప్ట్ పై బైట్లన్నిటినీ ఒక వరుసగా, కింది బైట్లన్నిటినీ మరో వరుసగా విడదీసి, ముందరి దానికీ దీనికీ తేడా మాత్రమే రాస్తుంది. పై వరుసలో తేడాలన్నీ సున్నాలే, వాటికి దాదాపు చోటే అక్కర్లేదు. కింది వరుసలో −3, +6 లాంటి చిన్న అంకెలు, వాటికి కొద్ది బిట్లు చాలు. పదహారేసి విలువలను ఒక గుంపుగా తీసుకుని, ఆ గుంపుకు ఎన్ని బిట్లు సరిపోతాయో చూసి అంతే కేటాయిస్తారు.

దశాంశ సంఖ్యలను నేరుగా ఇచ్చినప్పుడు మెష్‌ఆప్ట్ అంతగా రాణించకపోవడానికి కారణం కూడా ఇదే. వాటి చివరి బైట్లలో ఉండేది అవసరం లేని సూక్ష్మత, అది చూడ్డానికి అడ్డదిడ్డపు అంకెల్లాగే ఉంటుంది. పక్క శీర్షంతో దానికి పోలిక ఉండదు. ఆ రొదను ముందే కత్తిరించేది క్వాంటైజేషన్.

త్రిభుజాల కోసం వేరే ఉపాయం ఉంది. ఒక త్రిభుజం సాధారణంగా అంతకుముందు వచ్చిన త్రిభుజంతో ఒక అంచును పంచుకుంటుంది. ఇటీవలి అంచుల చిన్న జాబితాను దగ్గర పెట్టుకుంటే, ‘ఫలానా అంచు, దానికి కొత్త శీర్షం’ అని ఒక్క బైటులో చెప్పేయవచ్చు. కాబట్టి చక్కగా సర్దిన మెష్‌లో ఆరు బైట్ల త్రిభుజం ఇంచుమించు ఒక బైటుకు వస్తుంది. శిరస్త్రాణంలో 92,712 బైట్ల జాబితా ఇరవై వేల దరిదాపుల్లోకి దిగగలదన్నమాట. ఇక్కడ అంకెలేవీ మారవు. త్రిభుజాల వరుస మారినా ఆకారంలో నష్టం ఉండదు.

గూగుల్ 2017లో విడుదల చేసిన డ్రాకో కూడా ఇదే పని చేస్తుంది, కొన్ని మెష్‌లను మరింత చిన్నవిగా చేస్తుంది. అయితే విప్పడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. మెష్‌ఆప్ట్ విప్పే కోడు చాలా చిన్నది, సెకనుకు గిగాబైటుకు పైగా విప్పగలదు. కదలికల సమాచారాన్ని, ముఖకవళికల మార్పులను కూడా బిగించగలదు. పైగా దాని ఫలితాన్ని జీజిప్ లేదా బ్రోట్లీ మళ్లీ కుదించేలా రూపొందించారు. నెట్‌వర్క్ మరీ నెమ్మదిగా ఉండి, వస్తువంతా ఒకే పెద్ద మెష్ అయితే డ్రాకో వైపు మొగ్గవచ్చు. తక్కిన సందర్భాల్లో మెష్‌ఆప్టే నయం.

ఇక 85 శాతం బరువు మోస్తున్న టెక్స్చర్లు. జేపెగ్ బాగా కుదిస్తుంది కానీ ఏ పిక్సెల్ ఎక్కడుందో మొదటి నుంచి విప్పుకుంటూ వస్తే తప్ప తెలియదు. బొమ్మ గీసేటప్పుడు జీపీయూకు ఏ క్షణంలో ఏ పిక్సెల్ కావాలో చెప్పలేం. రైలులో బెర్తు నంబరు చేతిలో ఉంటే బోగీ అంతా వెతక్కుండా నేరుగా అక్కడికి వెళ్లగలిగినట్టు, దానికి ప్రతి పిక్సెల్ చిరునామా ముందే తెలియాలి. అందుకే జీపీయూ ఫార్మాట్లు బొమ్మను నాలుగు పిక్సెళ్ల వెడల్పు, నాలుగు పిక్సెళ్ల ఎత్తు ఉన్న గడులుగా కోసి, గడి ఏదైనా కచ్చితంగా ఒకే పరిమాణంలో, 8 లేదా 16 బైట్లలో రాస్తాయి. అది మెమరీలోనూ అలాగే ఉంటుంది, విప్పడమే ఉండదు. 21 ఎంబీ టెక్స్చర్ 16 బైట్ల గడులతో 5.3 ఎంబీ, 8 బైట్ల గడులతో 2.7 ఎంబీ అవుతుంది.

ఇబ్బందల్లా చిప్‌కో ఫార్మాట్ ఉండడం. కంప్యూటర్లు బీసీ7 కుటుంబాన్ని, ఆండ్రాయిడ్ ఫోన్లు ఈటీసీ2, ఏఎస్‌టీసీలను, ఐఫోన్లు ఏఎస్‌టీసీని చదువుతాయి. ప్రతి టెక్స్చర్‌నూ మూడు నాలుగు రూపాల్లో నిల్వచేయడం సైట్లకు భారం. బైనోమియల్ అనే సంస్థ తయారుచేసి, 2019లో గూగుల్‌తో కలిసి అందరికీ ఉచితంగా విడుదల చేసిన బేసిస్ యూనివర్సల్ ఈ ముడిని విప్పింది. ఫైలులో ఉండేది ఒక మధ్యస్థ రూపం. అది వాడుకరి ఫోనుకు చేరాక అక్కడి చిప్‌కు తగిన రూపంలోకి చకచకా మారుతుంది. దాన్ని మోసే పెట్టె కేటీఎక్స్2, జీఎల్‌టీఎఫ్‌లో దాని పొడిగింపు పేరు `KHR_texture_basisu`.

ఈ మధ్యస్థ రూపాలు రెండున్నాయి, వాటిలో ఏది ఎక్కడన్నదే ఈ పనిలో అతి ముఖ్యమైన నిర్ణయం. మొదటిది ఈటీసీ1ఎస్. ఒక్కో గడికి ఒకే మూల రంగు పెట్టుకుని, అందులోని పదహారు పిక్సెళ్లనూ ఆ రంగు తాలూకు వెలుగునీడలుగా మాత్రమే రాస్తుంది. బాగా చిన్నది, జేపెగ్‌కు దీటుగా ఉంటుంది. రాయి, చెక్క, తుప్పు లాంటి సహజమైన రంగులకు చక్కగా సరిపోతుంది. కానీ నార్మల్ మ్యాప్, అంటే గీతలూ గుంటలూ ఉన్నట్టు భ్రమింపజేసే దిక్కుల బొమ్మ, దీనిలో పాడైపోతుంది. అందులో ఎరుపు ఒక దిక్కును, ఆకుపచ్చ ఇంకో దిక్కును చెబుతాయి. రెండూ దేనికది మారాలి. ఒకే రంగు వెలుగునీడల్లో అది కుదరదు. ఫలితం తెలుసుకోవడం తేలికే. ఒక్క దీపం పెట్టి వస్తువును మెల్లగా తిప్పితే మెరుపు మీద చిన్నచిన్న చదరాలు తేలతాయి.

రెండోది యూఏఎస్‌టీసీ. ప్రతి గడికీ 16 బైట్లు, నాణ్యత చాలా మెరుగు, నార్మల్ మ్యాప్‌కు ఇదే తగినది. దీని ధర కూడా చూసుకోవాలి. 2048 పిక్సెళ్ల చదరం యూఏఎస్‌టీసీలో 41,94,304 బైట్లు, మిప్‌మ్యాప్‌లు కాక. అంటే ఒక్క నార్మల్ మ్యాపే అసలు శిరస్త్రాణం ఫైలు మొత్తం కంటే పెద్దది! జెడ్‌స్టాండర్డ్ అనే కుదింపును దాని మీద వేస్తే కొంత తగ్గుతుంది కానీ జేపెగ్ దరిదాపుల్లోకి రావడం కష్టం. ఐదు టెక్స్చర్లనూ యూఏఎస్‌టీసీలో పెట్టినవారి ఫైలు చిన్నది కాకపోగా అసలు కంటే పెద్దదవుతుంది. జీపీయూ కంప్రెషన్ ప్రధానంగా మెమరీని ఆదా చేస్తుంది. డౌన్‌లోడ్ తగ్గాలంటే ఎంపిక జాగ్రత్తగా జరగాలి.

శిరస్త్రాణానికి తగిన పద్ధతి ఇలా ఉంటుంది. దానిలో మూలల నీడను చెప్పే బొమ్మ ఒకటి, లోహగుణాన్నీ గరుకుతనాన్నీ చెప్పే బొమ్మ ఒకటి వేర్వేరుగా ఉన్నాయి. జీఎల్‌టీఎఫ్ నియమం ప్రకారం నీడకు ఎరుపు, గరుకుతనానికి ఆకుపచ్చ, లోహగుణానికి నీలం చాలు కాబట్టి రెండింటినీ బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఒకే బొమ్మగా కలపవచ్చు. ఐదు టెక్స్చర్లు నాలుగవుతాయి. నార్మల్ మ్యాప్‌ను 1024 పిక్సెళ్లకు కుదిస్తే యూఏఎస్‌టీసీలో దాని బరువు నాలుగో వంతుకు, సుమారు పది లక్షల బైట్లకు దిగుతుంది. తెర మీద అరచేయంత కనిపించే వస్తువుకు అది చాలు. మిగతా మూడూ ఈటీసీ1ఎస్‌లోకి వెళ్తాయి. నీడ, లోహగుణం కలిసిన బొమ్మలో కూడా మూడు రంగులు దేనికవే మారతాయి కాబట్టి దాన్ని ఒకసారి దగ్గరగా పరిశీలించాలి. తేడా కొట్టొచ్చినట్టుంటే దాన్నీ 1024కు తగ్గించి యూఏఎస్‌టీసీలో పెట్టడం మంచిది. టెక్స్చర్లను ఇలా సిద్ధం చేసుకున్నాక, కపుల్కిన్ రాసిన `gltfpack` అనే సాధనం మిగతాదంతా ఒక్క ఆదేశంతో చేస్తుంది:

```
gltfpack -i helmet.gltf -o helmet.glb -cc -tc -tu normal
```

ఇందులో `-cc` మెష్‌ఆప్ట్‌ను గట్టిగా వాడమంటుంది, `-tc` టెక్స్చర్లను ఈటీసీ1ఎస్‌లోకి మార్చమంటుంది, `-tu normal` నార్మల్ మ్యాప్‌ను మాత్రం యూఏఎస్‌టీసీలో ఉంచమంటుంది. క్వాంటైజేషన్ అడగకుండానే జరుగుతుంది. బిట్లు మార్చాలంటే స్థానాలకు `-vp 16`, దిక్కులకు `-vn 10`, టెక్స్చర్ చోటుకు `-vt 16` అని చేర్చాలి. ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ సాధనం ఖర్చు తగ్గించడానికి వస్తువులోని విడిభాగాలను కలిపేసి, వాటి పేర్లు తీసేస్తుంది. పేజీలోని కోడు ‘తలుపు’ అన్న పేరుతో ఒక భాగాన్ని వెతికి తెరిచేలా రాసి ఉంటే, ఆ పేరు ఇక దొరకదు. `-kn` చేరిస్తే పేర్లు నిలుస్తాయి.

ఇలా తయారైన ఫైలును పాత వ్యూయర్లు తెరవలేవు. పొడిగింపులు తప్పనిసరి అని ఫైలులోనే రాసి ఉంటుంది కాబట్టి అవి సగం సగం చూపించకుండా మొత్తంగా నిరాకరిస్తాయి. అందుకే అసలు ఫైలును పదిలంగా దాచుకుని, దీన్ని వెబ్‌కు పంపే ప్రతిగా మాత్రమే చూడాలి. త్రీజేఎస్ వాడే పేజీలో విప్పే రెండు యంత్రాలనూ లోడరుకు ముందే అందించాలి:

```js
const ktx2 = new KTX2Loader()
  .setTranscoderPath('/basis/')
  .detectSupport(renderer);
loader.setKTX2Loader(ktx2);
loader.setMeshoptDecoder(MeshoptDecoder);
```

ఇవి మరిచిపోతే వస్తువు కనిపించదు, బ్రౌజరు కన్సోల్‌లో `setMeshoptDecoder` లేదా `setKTX2Loader` ముందుగా పిలవాలన్న సందేశం వస్తుంది. `/basis/` ఫోల్డరులో మార్పిడి చేసే ఫైళ్లు లేకపోయినా ఫలితం అదే.

మెమరీ లెక్కలో నాలుగు టెక్స్చర్ల బరువు ఇప్పుడు చిప్‌ను బట్టి సుమారు పది నుంచి పదిహేడు ఎంబీల మధ్య ఉంటుంది. మొదట్లో అది 107. డౌన్‌లోడ్‌లో ఎంత తగ్గిందో బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ పట్టికలో చూడాలి, డిస్కు మీది ఫైలు పరిమాణాన్ని బట్టి కాదు. మెష్‌ఆప్ట్ తన ఫలితాన్ని జీజిప్ లేదా బ్రోట్లీ మళ్లీ నొక్కుతుందన్న లెక్కతోనే రాస్తుంది. చాలా సర్వర్లు హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ ఫైళ్లను వాటంతటవే కుదిస్తాయి గానీ `model/gltf-binary` రకాన్ని ఆ జాబితాలో చేర్చవు. పట్టికలో ఆ ఫైలు పక్కన `content-encoding` అన్న వరుస లేకపోతే సర్వర్ అమరికలో ఆ రకాన్ని చేర్చాలి. శిరస్త్రాణం లాంటి వస్తువులో దీనివల్ల కలిసొచ్చేది కొద్దిగానే, ఎందుకంటే ఈటీసీ1ఎస్ టెక్స్చర్లు అప్పటికే బిగిసి ఉంటాయి. లక్షల త్రిభుజాల శిల్పంలో మాత్రం ఆ ఒక్క అమరిక చెప్పుకోదగ్గ తేడా తెస్తుంది.